చిగుళ్ల నుంచి కొద్దిగా రక్తం వస్తుంటే ఎలక్ట్రిక్ బ్రష్ కొనాలా, చేతి బ్రష్ చాలా?

పళ్లు తోముకుని ఉమ్మితే నురగలో సన్నటి గులాబి రంగు చార. నొప్పి ఉండదు, వాపు కూడా పైకి పెద్దగా కనిపించదు. రెండు రోజులు పోయాక మళ్లీ అదే చార. ఈ దశలో నా దగ్గరికి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చుంటూనే అడుగుతారు: "డాక్టర్ గారూ, ఎలక్ట్రిక్ బ్రష్ కొనేస్తే ఇది ఆగిపోతుందా?"

నేను వెంటనే అవుననీ అనను, కాదనీ అనను. ముందు రెండు వారాలు చేతి బ్రష్‌తోనే, కానీ ఇప్పటిదాకా తోముతున్న పద్ధతిలో కాకుండా, తోమి చూడమంటాను. ఆ రెండు వారాల్లో మీ నోట్లో ఏ మూల మీ చెయ్యి తప్పుతోందో తెలుస్తుంది. అది తెలిశాక కొంటే మిషన్ దేనికి కొన్నారో మీకు తెలిసి కొన్నట్టు. తెలియకుండా కొంటే పాత తప్పునే మోటారు పెట్టి చేసినట్టు అవుతుంది.

ఇక్కడ చెప్పేది తోముకునేటప్పుడో, పంటి సందులు శుభ్రం చేసుకునేటప్పుడో మాత్రమే కొద్దిగా రక్తం కనిపించే పెద్దవాళ్లకు. ఏమీ చేయకుండానే రక్తం కారుతున్నా, పన్ను కదులుతున్నా, చిగురు నొక్కితే చీము వస్తున్నా, ఒంటి మీద కారణం లేకుండా నీలి మచ్చలు కూడా పడుతున్నా రెండు వారాలు ఆగకండి. ముందు డాక్టర్‌కి చూపించుకోండి. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లు వాటిని సొంతంగా ఆపకూడదు. గర్భిణులకూ, షుగర్ ఉన్నవాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది కానీ, వాళ్లు దంత వైద్యుడికి చూపించుకుంటూనే చేయాలి.

రక్తం ఎందుకు వస్తుందంటే

చిగురు పంటికి పూర్తిగా అతుక్కుని ఉండదు. అంచు దగ్గర చొక్కా కాలరులా పంటిని చుట్టుకుని ఉంటుంది. ఆ కాలరుకీ పంటికీ మధ్య సన్నని గాడి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చిగురులో దాని లోతు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు. పాచి మొదట పేరుకునేది ఈ అంచు వెంబడే. పాచి అంటే తిన్నదాని మిగులు కాదు, సూక్ష్మజీవులు తమ చుట్టూ కట్టుకున్న జిగట పొర. పుక్కిలిస్తే పోదు, రాపిడి తగిలితేనే పోతుంది.

ఆ పొర అక్కడే ఉండిపోతే చిగురు వాస్తుంది. గాడి లోపలి చర్మం పలచబడి పుండులా మారుతుంది, దాని వెనక ఉన్న సన్నటి రక్తనాళాలు ఉబ్బుతాయి. అప్పుడు మెత్తటి కుచ్చు తగిలినా రక్తం చిమ్ముతుంది. అంటే బ్రష్ గుచ్చుకుని రక్తం రావడం కన్నా, బ్రష్ ఇన్నాళ్లూ అక్కడికి చేరక రావడమే ఎక్కువ. ఈ ఒక్క విషయం తలకిందులుగా అర్థం చేసుకోవడం వల్లే చాలామంది రక్తం వచ్చే చోటుని వదిలేసి మిగతా నోరంతా తోముతారు. వదిలేసిన చోట పాచి ఇంకా పేరుకుంటుంది.

1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లోయె బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోమడం మానేయమంది. పది నుంచి ఇరవై ఒక్క రోజుల్లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం, పది రోజుల్లో చిగుళ్లు మామూలు స్థితికి వచ్చాయి. రెండు వారాల గడువు నేను పెట్టేది ఇందుకే. పాచి నిజంగా పోతూ ఉంటే చిగురు అంతకన్నా ఎక్కువ కాలం తీసుకోదు. రెండు వారాలకీ తగ్గలేదంటే ఆ చోటికి ఇంకా కుచ్చు చేరడం లేదు, లేదా బ్రష్‌తో పోనిది అక్కడ ఏదో ఉంది.

మొదటి అడుగు: రక్తం వచ్చే చోట్లు లెక్కపెట్టుకోండి

"కాస్త తగ్గినట్టుంది" అనే అంచనాతో ఏదీ తేలదు. ఉమ్మిలో కనిపించే ఎరుపు నమ్మదగ్గది కాదు, ఒక్క చుక్క రక్తం నురగంతా పాకుతుంది. అందుకని సందులు లెక్కపెట్టాలి.

జ్ఞాన దంతాలు కాక 28 పళ్లు ఉన్న నోట్లో పైన 13, కింద 13, మొత్తం 26 సందులు ఉంటాయి. రాత్రి తోముకోవడానికి ముందు, మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. పంటి సందులు శుభ్రం చేసే బుల్లి బ్రష్, అంటే ఇంటర్‌డెంటల్ బ్రష్, ఒకటి తీసుకుని మెల్లగా ఒక సందులోకి పోనిచ్చి బయటికి లాగండి. పదిహేను సెకన్లు ఆగి చూడండి. రెండు పళ్ల మధ్య త్రికోణంలా ఉండే చిగురు కొసన ఎరుపు కనిపిస్తే ఆ సందుకి ఒక గుర్తు. సందు మరీ బిగుతుగా ఉండి సన్నటి బ్రష్ కూడా దూరకపోతే బలవంతం చేయకండి, అక్కడ ఫ్లాస్ దారం వాడండి. నాలుగైదు సందులు ఒకేసారి కానిచ్చి తర్వాత చూస్తే సమయం కలిసొస్తుంది.

కాగితం మీద పై వరసకి ఒక గీత, కింది వరసకి ఒక గీత గీసి, రక్తం వచ్చిన చోటల్లా చుక్క పెట్టుకోండి. తేదీ వేయండి. ఇదే పని ఏడో రోజు, పద్నాలుగో రోజు, అదే సైజు బ్రష్‌తో చేయాలి. ఈ రెండు వారాల్లో కొత్త మౌత్‌వాష్, కొత్త పేస్ట్ మొదలుపెట్టకండి. మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో మీకే తెలియదు.

పొగతాగేవాళ్లకు ఒక హెచ్చరిక. పొగాకు చిగుళ్లలోంచి రక్తం రాకుండా చేస్తుంది, లోపల జబ్బు మాత్రం నడుస్తూనే ఉంటుంది. వాళ్ల విషయంలో చుక్కలు తక్కువ ఉన్నంత మాత్రాన చిగుళ్లు బాగున్నట్టు కాదు. ఈ లెక్క మీద ఆధారపడకుండా గాడి లోతు కొలిపించుకోవాలి.

రెండో అడుగు: బ్రష్ ఎంత నొక్కుతున్నారో తూచి చూడండి

బ్రష్ మెత్తటి కుచ్చుతో, తల చిన్నదిగా ఉండాలి. గట్టి కుచ్చు బాగా శుభ్రం చేస్తుందన్న నమ్మకం చాలా పాతది, చిగుళ్ల అంచుల్ని అరగదీసింది కూడా ఆ నమ్మకమే. గాడి సన్నగా ఉంటుంది, అందులోకి కొస దూరాలంటే పోచ వంగగలగాలి. పోచ వంగకపోతే చిగురే పక్కకు జరగాలి.

ఇక ఒత్తిడి. దీన్ని మాటల్లో చెబితే ఎవరికీ అందదు. వంటింట్లో గ్రాములు చూపే తూకం ఉంటే ఇప్పుడే తెచ్చుకోండి. మీరు రోజూ తోమే బలంతో బ్రష్ కుచ్చుని దాని పళ్లెం మీద నొక్కండి. చాలామందికి 300 దాటుతుంది, కొందరికి 400. మనకి కావలసింది 150 గ్రాముల చుట్టుపక్కల. మెల్లగా తగ్గించుకుంటూ 150 దగ్గర ఆపి, పోచలు ఎలా ఉన్నాయో వంగి చూడండి. నిలువుగానే నిలబడి, కొసలు మాత్రం కొద్దిగా పక్కకు ఒరిగి ఉంటాయి. 400 దగ్గర పోచలు నడుముకి విరిగినట్టు పడుకుంటాయి, పళ్లేన్ని తాకేది వాటి పక్కభాగమే. పంటి మీదా అదే జరుగుతుంది. గట్టిగా నొక్కినప్పుడు కొస గాడిలోకి పోదు, పక్కకి పడుకుని పంటి ఉబ్బు మీద మాత్రం రుద్దుతుంది. శ్రమ ఎక్కువ, పని తక్కువ.

150 చేతికి అలవాటయ్యే దాకా రోజూ ఒక్కసారి తూకం మీద నొక్కి చూసుకుని తోమండి. బ్రష్‌ని పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుంటే బలం దానంతట అదే తగ్గుతుంది. కొన్న నెలకే కుచ్చు చెల్లాచెదురుగా విచ్చుకుపోయిందంటే ఒత్తిడి ఇంకా ఎక్కువే ఉందని అర్థం. సరిగ్గా తోమే చేతిలో బ్రష్ మూడు నెలలు నిటారుగా ఉంటుంది.

మూడో అడుగు: కుచ్చుని అంచు మీద నిలబెట్టడం

అమెరికాలో చార్లెస్ బాస్ అనే వైద్యుడు ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ చిగుళ్ల కోసం మేం నేర్పేది దీన్నే. చదవడానికి తేలిక. చేతికి పట్టుబడటానికి మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది.

కుచ్చుని పంటి మీద కాదు, పన్ను చిగురు కలిసే గీత మీద పెట్టండి. సగం పోచలు పంటి మీద, సగం చిగురు మీద ఉండాలి. ఇప్పుడు బ్రష్‌ని వంచి పోచల కొసలు చిగురు వైపు చూసేలా చేయండి. కోణం 45 డిగ్రీలు. పై వరసలో కొసలు పైకి చూస్తాయి, కింది వరసలో కిందికి చూస్తాయి. కొద్దిగా నొక్కితే కొసలు గాడిలోకి ఒక మిల్లీమీటరు దాకా దూరతాయి. ఆ చోట సన్నటి గిలిగింత తెలుస్తుంది, అది తెలిస్తే సరైన చోట ఉన్నట్టే.

అక్కడి నుంచి కొసలు కదలకుండా, బ్రష్‌ని ముందుకీ వెనక్కీ వణికించండి. కదలిక పంటి వెడల్పులో సగం కూడా ఉండకూడదు. కొసలు ఉన్నచోటే ఉండి మొదళ్లు మాత్రం ఊగుతున్నట్టు ఉండాలి. పది సార్లు వణికించాక, మణికట్టు తిప్పి కుచ్చుని చిగురు నుంచి పంటి కొస వైపు ఒక్కసారి ఊడ్చేయండి. తర్వాత పక్క రెండు పళ్లకి జరపండి, ముందు తోమిన పన్ను కొద్దిగా కలిసేలా.

ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది. బ్రష్ తల ఒకసారికి రెండు మూడు పళ్లు కప్పుతుంది కాబట్టి ఒక వరస బయటివైపు ఆరు చోట్లు, లోపలివైపు ఆరు. రెండు వరసలకి 24. చోటుకి ఐదు సెకన్లు అనుకున్నా రెండు నిమిషాలు వాటికే సరిపోతాయి. నమిలే తలాలు ఇంకా మిగిలే ఉంటాయి. రెండున్నర నిమిషాలు పెట్టుకోండి. గడియారం చూడకుండా తోమితే ఒక నిమిషానికే చాలాసేపైనట్టు అనిపిస్తుంది.

లోపలివైపు నుంచే మొదలుపెట్టమని నేను అందరికీ చెబుతాను. బయటివైపు ఎలాగూ తోముతాం. ఓపిక తగ్గే చివరి నిమిషం లోపలివైపుకి మిగిల్చితే అక్కడ పని తూతూ మంత్రంగా ముగుస్తుంది. ముందరి పళ్ల లోపలివైపు బ్రష్ అడ్డంగా పట్టదు. దాన్ని నిలువుగా పట్టి, తల ముందు భాగంలోని కుచ్చుతో ఒక్కో పంటినీ చిగురు నుంచి కొసకి లాగాలి. కోరపళ్ల దగ్గర వరస వంపు తిరుగుతుంది, అక్కడ బ్రష్ తల ఒక పంటి మీద నుంచి ఇంకో పంటి మీదికి ఎగిరి దూకుతుంది. ఆ వంపులో ఆగి, కోరపంటిని ఒక్కదాన్నే విడిగా తోమండి.

పేస్ట్ శనగగింజంత చాలు, ఫ్లోరైడ్ ఉన్నదై ఉండాలి. నురగ ఎక్కువైతే తొందరగా ఉమ్మాలనిపిస్తుంది, ఉమ్మితే పని అయిపోయిందనిపిస్తుంది. మొదటి వారం పేస్ట్ లేకుండా లోపలివైపు ఒక చుట్టు తోమి, తర్వాత పేస్ట్‌తో మొత్తం తోమితే అద్దంలో కుచ్చు ఎక్కడుందో కనిపిస్తుంది. చివర నురగ ఉమ్మేయండి, నీళ్లు పోసి పుక్కిలించవద్దు. పంటి మీద ఫ్లోరైడ్ కాసేపు నిలవాలి.

నాలుగో అడుగు: సందులు

చేతి బ్రష్ అయినా ఎలక్ట్రిక్ బ్రష్ అయినా రెండు పళ్ల నడుమకి చేరదు. కొద్దిపాటి రక్తస్రావం ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. కాబట్టి బ్రష్ ఏది అన్న ప్రశ్న కన్నా ఇది పెద్దదని నా అభిప్రాయం. రోజుకొకసారి, రాత్రి తోమే ముందు, సందుల బ్రష్ వాడండి. లోపలికి పోతున్నప్పుడు పోచలు సందు గోడల్ని కొద్దిగా ఒరుసుకోవాలి, మధ్యనున్న తీగ మాత్రం పంటికి తగలకూడదు. వదులుగా ఊగితే ఒక సైజు పెద్దది, తీగ వంగిపోతుంటే ఒక సైజు చిన్నది. ముందరి పళ్లకీ దవడ పళ్లకీ వేరు వేరు సైజులు పట్టడం మామూలే. ఫ్లాస్ అయితే దారాన్ని చిగురు మీదికి టక్కున దించకండి. పంటి వంపు చుట్టూ మడిచి, అంచు కింద కాస్త లోపలి దాకా జార్చి, పైకి కిందికి మూడు నాలుగు సార్లు రుద్దండి. తర్వాత పక్క పంటికీ అంతే.

ఒకరి రెండు వారాలు

41 ఏళ్లాయన, కొత్తగా రక్తం చూసి కంగారుపడి వచ్చారు. 28 పళ్లు, పొగ అలవాటు లేదు, మందులు ఏవీ లేవు. మొదటి రోజు 26 సందుల్లో 15 చోట్ల చుక్కలు పడ్డాయి. ఆయన బ్రష్ తీసుకురమ్మన్నాను. మధ్యరకం గట్టి కుచ్చు, కొని ఆరు వారాలైందట, అప్పటికే చీపురులా విచ్చుకుంది. తూకం మీద నొక్కితే 420.

మూడో రోజు ఫోన్ చేశారు. "రక్తం ఇంకా ఎక్కువైందండీ. ఆపేయమంటారా?"

"ఎక్కడి నుంచి వస్తోందండీ?"

"ఇంతకుముందు లేని చోట్ల కూడా వస్తోంది."

"అక్కడ ఇంతకుముందు కుచ్చే తగల్లేదు. నొక్కడం పెంచకుండా, తోమడం ఆపకుండా ఏడో రోజు దాకా చూడండి."

ఇది దాదాపు అందరికీ జరుగుతుంది, చాలామంది మానేసేది సరిగ్గా మూడో రోజే. వాచిన చోటికి మొదటిసారి కుచ్చు చేరినప్పుడు రక్తం పెరుగుతుంది. నాలుగైదు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోగా నొప్పి మొదలై, చిగురు అంచు మీద గీరినట్టు తెల్లటి గీతలు గానీ పుండు గానీ కనిపిస్తే అది వాపు రక్తం కాదు, నొక్కిన గాయం. రెండు రోజులు ఆ చోట మరీ తేలిగ్గా తోమి, ఒత్తిడి మళ్లీ తూచుకోవాలి.

ఏడో రోజుకి ఆయన చుక్కలు 10 అయ్యాయి. పద్నాలుగో రోజుకి 5. కాగితం ముందు పెట్టుకుని చూస్తే ఆ ఐదూ చెల్లాచెదురుగా లేవు. రెండు కింది ముందరి పళ్ల సందుల్లో, మూడు కింద కుడివైపు దవడ పళ్ల సందుల్లో.

ముందరి రెండిటికీ కారణం నోరు తెరవగానే కనిపించింది. ఆ పళ్ల వెనక పసుపురంగు గార గట్టిగా కట్టింది. లాలాజలం ఊరే నాళాల రంధ్రాలు నాలుక కింద అక్కడే ఉంటాయి, దాంట్లోని ఖనిజాలు పాచిలో చేరి గట్టిపరుస్తాయి. పై దవడ పళ్ల బయటివైపు కూడా గార తొందరగా కట్టడానికి కారణం ఇదే. గార ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్‌తోనూ రాదు. గరుకుగా ఉండే దాని మీద కొత్త పాచి ఇట్టే పట్టుకుంటుంది. కుర్చీలో స్కేలింగ్ చేసి తీశాను, వారానికి ఆ రెండు చుక్కలూ పోయాయి. ఈ రెండిటి కోసం ఆయన ఎంత మంచి ఎలక్ట్రిక్ బ్రష్ కొన్నా ప్రయోజనం ఉండేది కాదు.

మిగిలిన మూడిటి కోసం నా ఎదుటే తోమమన్నాను. మిగతా నోరంతా బాగానే తోమారు. కుడివైపు కింద లోపలికి వచ్చేసరికి నాలుక బ్రష్‌ని తోసేస్తోంది, మణికట్టు తిరగడం లేదు, కుచ్చు చిగురు గీత మీద కాకుండా నమిలే తలం మీద ఎక్కి కూర్చుంటోంది. నాలుక పక్కకి పెట్టి, మోచెయ్యి పైకెత్తి, చిన్న తల బ్రష్‌తో పది రోజులు ప్రయత్నించారు. మూడు కాస్తా రెండయ్యాయి, అక్కడే ఆగిపోయాయి.

అప్పుడు కొనమన్నాను ఎలక్ట్రిక్ బ్రష్.

ఎలక్ట్రిక్ బ్రష్ దేనికి కొనాలి

చేతి బ్రష్‌నీ ఎలక్ట్రిక్ బ్రష్‌నీ పోల్చిన పరిశోధనల్ని కాక్రేన్ సంస్థ 2014లో ఒకచోట చేర్చి చూసింది. మూడు నెలలు దాటాక ఎలక్ట్రిక్ బ్రష్ వాడినవాళ్లలో పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువగా ఉన్నట్టు తేలింది. మొదటి మూడు నెలల్లో ఈ తేడా పాచిలో 11 శాతం, వాపులో 6 శాతమే. మేలు ఉంది, అది నిజం. కానీ వాపులో తేడా చిన్నది, అది సగటు. చేతి బ్రష్‌ని ప్రతి చోటా అంచు మీద నిలబెట్టగలిగిన మనిషికి అంత తేడా కనపడకపోవచ్చు. అసలు తోమడమే ముప్ఫై సెకన్లలో ముగించే మనిషికి ఇంకా ఎక్కువే కనపడొచ్చు.

అందుకని రెండు వారాల తర్వాత మీ కాగితమే చూడండి. చుక్కలు పోయాయా, ఒకటో రెండో చెల్లాచెదురుగా మిగిలాయా? ఇప్పటి చేతి బ్రష్‌నే కొనసాగించండి, ఖర్చు అక్కర్లేదు. ఒకే మూల మిగిలి, అక్కడికి మీ మణికట్టు తిరగడం లేదా? తూకం మీద ఎన్నిసార్లు నేర్చుకున్నా మళ్లీ 300కే వెళ్తున్నారా? రెండు నిమిషాలు నిలబడటం మీ వల్ల కావడం లేదా? కీళ్లనొప్పులతో, చేతి వణుకుతో సన్నటి బ్రష్ పట్టు దొరకడం లేదా? వీటికి ఎలక్ట్రిక్ బ్రష్ నిజంగా పనికొస్తుంది. తల చిన్నది, పిడి లావు, కదలిక దానిది, గడియారం దానిలోనే ఉంటుంది. కీళ్లనొప్పులో, చేతి వణుకో ఉన్నవాళ్లు రెండు వారాల పరీక్ష లేకుండా నేరుగా కొనుక్కున్నా నేను కాదనను.

కొనేటప్పుడు రెండే చూడండి. ఎక్కువ నొక్కితే దీపం వెలిగించో, వేగం తగ్గించో హెచ్చరించే ఏర్పాటు, రెండు నిమిషాల గడియారం. చిన్న గుండ్రటి తల అటూ ఇటూ తిరుగుతూ ఉండే రకం మీదే ఎక్కువ పరిశోధన జరిగింది. మూలల్లో దూరడానికి కూడా అదే సులువు. సోనిక్ రకంలో తల మామూలు బ్రష్‌లా పొడుగ్గా ఉండి వేగంగా వణుకుతుంది, అదీ మంచిదే. కానీ ఆ వణుకుకి కుచ్చు తగలని చోటు కూడా శుభ్రమవుతుందన్న భరోసాతో ఉండకండి, కుచ్చు అంచుని తాకాల్సిందే. ఐదారు రకాల మోడ్‌లు, ఫోన్‌లో లెక్కలు ఇవేవీ రక్తాన్ని ఆపవు.

దాన్ని పట్టుకునే తీరు

నేను చెప్పిన ఆయన మొదటి వారం ఎలక్ట్రిక్ బ్రష్‌ని చేతి బ్రష్‌లాగే అటూ ఇటూ రుద్దారు. చుక్కలు రెండు రెండుగానే ఉన్నాయి. చూపించమంటే అర్థమైంది. తల పంటి పైన పరుగెత్తుతోందే తప్ప ఏ అంచు దగ్గరా ఒక్క సెకను కూడా నిలవడం లేదు. చేతి బ్రష్‌లో కదలిక మీది. ఇందులో కదలిక మిషన్‌ది, మీ పని దాన్ని సరైన చోట నిలబెట్టడమే.

పేస్ట్ పెట్టి, తలని నోట్లో పంటి మీద ఆనించి, పెదవులు కాస్త మూసి, అప్పుడు స్విచ్ వేయండి. ముందే వేస్తే పేస్ట్ అద్దం మీద ఉంటుంది. గుండ్రటి తలని ఒక పంటి మీద, చిగురు గీతని ఒరుసుకుంటూ కొద్దిగా చిగురు వైపు వంచి పెట్టి రెండు సెకన్లు ఆగండి. తర్వాత గీత వంపు వెంబడే జార్చి పక్క సందు దగ్గరికి, అక్కడి నుంచి పక్క పంటికి. రుద్దకండి, నొక్కకండి, బ్రష్ బరువు చాలు. హెచ్చరిక దీపం వెలిగిందంటే చెయ్యి పాత అలవాటులో పడినట్టే.

28 పళ్లకి బయటివైపూ లోపలివైపూ కలిపి 56 తలాలు. ఒక్కోదానికి రెండు సెకన్లు అంటే 112 సెకన్లు. గడియారం రెండు నిమిషాలకి ఆగిపోయేసరికి నమిలే తలాలకి మిగిలేది ఎనిమిది సెకన్లు. కాబట్టి అది ఆగాక మళ్లీ స్విచ్ వేసి, నమిలే తలాలూ, ఆఖరి దవడ పన్ను వెనక భాగమూ పూర్తి చేయండి. ముప్ఫై సెకన్లకొకసారి అది చిన్నగా ఆగి హెచ్చరిస్తుంది, అది నోటిలో నాలుగో వంతు మారమని. ఆ హెచ్చరిక వచ్చేసరికి మీరు ఒక భాగంలో లోపలివైపు ఇంకా మొదలుపెట్టలేదంటే మీ చెయ్యి బయటివైపే తిరుగుతోందన్నమాట.

రక్తం ఎక్కువ వచ్చే మూల నుంచే మొదలుపెట్టమన్నాను ఆయన్ని. తలని చిగురు గీత మీద ఆపి, నాలుగు సెకన్లు మనసులో లెక్కపెట్టుకుని, అప్పుడు జరిపేవారు. ఇంకో రెండు వారాలకి ఆ రెండు చుక్కలూ లేవు. సందుల బ్రష్ మాత్రం మానలేదు. మధ్యలో ఒకసారి, పది రోజులు ఊరెళ్లి దాన్ని మర్చిపోయి వచ్చినప్పుడు మూడు చుక్కలు తిరిగొచ్చాయి. ఎలక్ట్రిక్ బ్రష్ ఆయనతోనే ఉంది.

ఎంత చేసినా ఆగకపోతే

పద్ధతి కుదిరింది, సందులు రోజూ శుభ్రం చేస్తున్నారు, రెండు వారాలు దాటాయి, అయినా ఒకే చోట రక్తం వస్తోందంటే ఇంకో బ్రష్ కొనకండి. ఆ చోట చిగురు కింద గార ఉండొచ్చు, ఫిల్లింగ్ అంచో, క్యాప్ అంచో పొడుచుకొచ్చి పాచిని పట్టి ఉంచొచ్చు, గాడి లోతు మూడు మిల్లీమీటర్లు దాటి సంచిలా మారి ఉండొచ్చు. సంచి అడుగుకి ఇంట్లో వాడే ఏ కుచ్చూ చేరదు. దంత వైద్యుడు సన్నటి కొలపుల్లతో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు, అవసరమైతే ఎక్స్‌రే తీసి ఎముక చూస్తారు. మీరు చుక్కలు పెట్టుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి, ఎక్కడ వెతకాలో వాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఒక చోట కాకుండా నోరంతా సమానంగా రక్తం వస్తూ, ఏమాత్రం తగ్గకుండా ఉంటే కారణం నోటి బయట ఉండొచ్చు. అదుపులో లేని షుగర్, రక్తం పలచబరిచే మందులు, కొన్నిసార్లు రక్తానికి సంబంధించిన జబ్బులు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ లాంటి మందులు, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ కొందరిలో చిగుళ్లని ఉబ్బేలా చేస్తాయి, ఉబ్బిన చిగురు మడతల్లో పాచి దాక్కుంటుంది. మీరు వాడే మందులన్నిటి పేర్లూ దంత వైద్యుడికి చెప్పండి, అడక్కపోయినా సరే.

చుక్కలు పోయాక నెలకొకసారి, అదే వెలుతురులో, అదే సైజు సందుల బ్రష్‌తో 26 సందులూ మళ్లీ ఒకసారి చూసుకోండి. ఐదు నిమిషాల పని. రెండు మూడు చుక్కలు కనిపిస్తే ఆ వారం తోమడం ఆ మూల నుంచే మొదలుపెట్టండి. చేతి బ్రష్ అయినా, ఎలక్ట్రిక్ బ్రష్ తల అయినా మూడు నెలలకి, లేదా కుచ్చు విచ్చుకోవడం మొదలవగానే, ఏది ముందైతే అప్పుడు మార్చేయండి. మార్చిన రోజు కొత్త కుచ్చుని ఒకసారి తూకం మీద నొక్కి 150 ఎలా ఉంటుందో చేతికి గుర్తుచేయండి.